పాత ఇంటి తాళంచెవి: లైనక్స్ మొత్తం ఒక్కసారిగా మారి, ఒక్కసారిగా వెనక్కి వచ్చే పద్ధతి

నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. చార్జర్ పిన్ను కొంచెం కదిలితే చాలు, స్క్రీన్ ఆరిపోతుంది. హాస్టల్లో ఇది పెద్ద సమస్య కాదు. గుడిబండలో మా ఇంట్లో మాత్రం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి సమస్యే.

ఫస్ట్ ఇయర్ సెలవుల్లో ఒక మామూలు లైనక్స్‌లో అప్‌డేట్ పెట్టి భోజనానికి కూర్చున్నాను. రెండు వందల పైచిలుకు ప్యాకేజీలు. సగంలో కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే గ్రాఫిక్స్ లేవు, నల్ల తెర మీద లాగిన్ అడుగుతోంది. లోపలికి వెళ్లి apt కొడితే, మీలో చాలామందికి పరిచయమున్న ఈ వాక్యం వచ్చింది:

```
E: dpkg was interrupted, you must manually run
'sudo dpkg --configure -a' to correct the problem.
```

అది చెప్పినట్టే చేశాను. సగం దారికి వచ్చింది, మిగతా సగం రాలేదు. ఆ ఆదివారమంతా దానికే పోయింది. "ఏందప్పా, మళ్లా చెడగొట్టుకొంటివా?" అని అమ్మ రెండుసార్లు వచ్చి చూసి పోయింది.

అసలు జరిగిందేమిటో తర్వాత అర్థమైంది. మామూలు లైనక్స్‌లో అప్‌డేట్ అంటే, నడుస్తున్న సిస్టమ్ మీదనే పని. ఒక్కో ప్యాకేజీ ఫైళ్లు విప్పి, పాత ఫైళ్ల స్థానంలో పెట్టి, ఆ తర్వాత కాన్ఫిగర్ చేస్తుంది. రెండు వందల ప్యాకేజీలుంటే రెండు వందల చిన్న చిన్న మార్పులు. వందో మార్పు దగ్గర కరెంటు పోతే మన దగ్గర మిగిలేది పాత సిస్టమూ కాదు, కొత్త సిస్టమూ కాదు. ఎవరూ ఎప్పుడూ పరీక్షించని మూడోది ఒకటి. పాత కెర్నల్ బూట్ మెనూలో ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది, కానీ కెర్నల్ ఒక్కటే పాతది. దాని మీద నడవాల్సిన లైబ్రరీలన్నీ అప్పటికే కలగాపులగం అయిపోయి ఉంటాయి.

ఆ తర్వాత నేను ఫెడోరా సిల్వర్‌బ్లూకి మారాను. ఈ వ్యాసం దాని గురించే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గత దసరా సెలవుల్లో నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించీ, దాని నుంచి బయటపడిన తీరు గురించీ.

పక్కన కట్టి, తర్వాత మారడం

పాత ఇంట్లో కాపురం ఉంటూనే ఆ ఇంటి గోడలు ఒక్కొక్కటీ పడగొట్టి కట్టుకుంటే ఎలా ఉంటుంది? మామూలు అప్‌డేట్ అలాంటిది. సిల్వర్‌బ్లూ అలా చేయదు. పక్క స్థలంలో కొత్త ఇల్లు పూర్తిగా కట్టేస్తుంది. కట్టినంతసేపూ మనం పాత ఇంట్లోనే ఉంటాం, దాని మీద ఒక ఇటుక కూడా కదలదు. గృహప్రవేశం అంటే రీబూట్. పాత ఇంటి తాళంచెవి మాత్రం మన జేబులోనే ఉంటుంది.

దీని వెనకాల ఉన్న సాధనం పేరు ఓఎస్‌ట్రీ. మీకు గిట్ తెలుసు కదా, దాదాపు అదే ఆలోచన. సోర్స్ కోడ్ బదులు మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లను కమిట్లుగా దాచుతుంది. ప్రతి ఫైలుకూ దాని లోపలి విషయాన్ని బట్టి ఒక ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ వస్తుంది. ఆ హ్యాషే పేరుగా ఫైలు `/ostree/repo` లో ఒక్కసారి నిలవ ఉంటుంది. సిస్టమ్ ఒక వెర్షన్ అంటే "ఈ ఈ హ్యాష్‌ల ఫైళ్లు, ఈ ఈ చోట్ల" అనే ఒక పూర్తి జాబితా.

ఆ జాబితా ప్రకారం డిస్కు మీద ఒక పూర్తి డైరెక్టరీ చెట్టు తయారవుతుంది. దాన్ని డిప్లాయ్‌మెంట్ అంటారు. మామూలుగా రెండుంటాయి, ఇప్పుడు నడుస్తున్నదీ, దాని ముందుదీ. రెండు పూర్తి సిస్టమ్‌లంటే డిస్కు రెండింతలు కావాలి కదా అని నాకూ అనుమానం వచ్చింది. అక్కర్లేదు. రెండింటిలోనూ మారని ఫైలు ఒకటే ఉంటుంది, రెండు చెట్లూ హార్డ్‌లింక్‌తో దాన్నే చూపిస్తాయి. మారిన ఫైళ్లకు మాత్రమే అదనపు చోటు పోతుంది.

ఇలా ఒకే ఫైలును రెండు సిస్టమ్‌లు పంచుకుంటున్నాయి కాబట్టే `/usr` లో ఎవరూ రాయకూడదు. ఇక్కడ రాస్తే అక్కడా మారిపోతుంది. అందుకే దాన్ని చదవడానికి మాత్రమే అనుమతిచ్చి మౌంట్ చేస్తారు. రూట్‌గా వెళ్లి అక్కడ ఫైలు పెట్టబోయినా "Read-only file system" అని తిప్పి పంపుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది మొండితనంగా కనిపిస్తుంది. కానీ వెనక్కి వెళ్లగలగడం ఆ మొండితనం మీదే ఆధారపడి ఉంది.

కరెంటు ఎప్పుడు పోతే ఏమవుతుంది?

నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే కాబట్టి దశల వారీగా చూద్దాం. అప్‌డేట్ ఆజ్ఞ ఇది:

```
rpm-ostree upgrade
```

మొదటి దశ, కొత్త ఫైళ్లు దిగడం. కరెంటు ఇక్కడ పోతే కొన్ని ఫైళ్లు నిలవలోకి వచ్చి ఉంటాయి, కొన్ని రాలేదు. నడుస్తున్న సిస్టమ్‌కు వాటితో సంబంధమే లేదు. మళ్లీ అదే ఆజ్ఞ ఇస్తే, దిగినవాటిని వదిలి మిగతావి తెచ్చుకుంటుంది.

రెండో దశ, కొత్త చెట్టు సిద్ధమై రీబూట్ కోసం ఎదురుచూడడం. దీన్ని స్టేజ్ చేయడం అంటారు. "కొత్తది తయారుగా ఉంది" అన్న చీటీ `/run` లో ఉంటుంది. `/run` అంటే మెమరీలో ఉండేది. అంటే ఇక్కడ కరెంటు పోతే ఆ చీటీ కూడా పోతుంది. ఆన్ చేస్తే నిశ్శబ్దంగా పాత సిస్టమే వస్తుంది. ఏ ఎర్రరూ కనబడదు కాబట్టి అప్‌డేట్ అయిందనే అనుకుంటాం. నేను రెండుసార్లు అలాగే మోసపోయాను. తెలుసుకోవాలంటే `rpm-ostree status` చూడాలి. కొత్త వెర్షన్ ఆ జాబితాలో లేకపోతే గృహప్రవేశం జరగలేదన్నమాట. ఫైళ్లు చాలావరకు దిగే ఉంటాయి కాబట్టి రెండోసారి త్వరగానే అయిపోతుంది.

మూడో దశ, సక్రమంగా షట్‌డౌన్ చేసేటప్పుడు. అప్పుడే బూట్ మెనూ మారుతుంది. `/boot` లో `loader.0`, `loader.1` అనే రెండు డైరెక్టరీలకు చోటుంటుంది. `loader` అనే సింబాలిక్ లింక్ వాటిలో ఒకదాన్ని చూపిస్తూ ఉంటుంది. కొత్త మెనూ పూర్తిగా రెండోదాంట్లో రాసి, చివర్లో ఆ లింకును ఒక్క దెబ్బలో అటు తిప్పేస్తుంది. ఆ తిప్పడానికి ముందు కరెంటు పోతే పాత మెనూ ఉంటుంది, తర్వాత పోతే కొత్త మెనూ ఉంటుంది. మధ్యలో అనేదే లేదు. రెండు వందల చిన్న మార్పులు పోయి, అసలైన మార్పు ఒక్కటే మిగిలింది. "మొత్తం ఒకే ముక్కగా అప్‌గ్రేడ్" అనేమాటకు అర్థం ఇదే.

నేను చేసిన తెలివితక్కువ పని

దసరా సెలవులకు ఊరొచ్చాను. సిస్టమ్ ఫెడోరా 42 మీద హాయిగా నడుస్తోంది. సెలవుల తర్వాత మొదటి సోమవారం నా సెమినార్ ఉంది. ఇలాంటప్పుడు బుద్ధి ఉన్నవాడెవడూ సిస్టమ్ ముట్టుకోడు. నేను ముట్టుకున్నాను. కొత్త గ్నోమ్ ఎలా ఉందో చూద్దామని రాహైడ్‌కి మారాను. రాహైడ్ అంటే ఫెడోరాలో ఇంకా పొయ్యి మీదే ఉన్న అన్నం. డెవలపర్లు రోజూ కలుపుతూ ఉంటారు, ఉడకలేదని ముందే చెప్పి పెడతారు. తప్పు వాళ్లది కాదు, గరిటె పెట్టింది నేనే.

పెట్టే ముందు ఒక్క మంచి పని మాత్రం చేశాను. నడుస్తున్న 42ని పిన్ చేశాను:

```
sudo ostree admin pin 0
rpm-ostree rebase fedora:fedora/rawhide/x86_64/silverblue
systemctl reboot
```

పిన్ ఎందుకంటే, సిల్వర్‌బ్లూ దాచేది ఒక్క అడుగు వెనకటి సిస్టమ్‌నే. నేను రాహైడ్‌లో ఉండగా ఇంకొక అప్‌డేట్ చేసి రీబూట్ చేస్తే, "ముందుది" అంటే నిన్నటి రాహైడ్ అవుతుంది. మంచి 42 ఆ పాటికి చెరిగిపోతుంది. పిన్ చేసినదాన్ని మాత్రం ఎన్ని అప్‌డేట్లు వచ్చినా తీసేయదు. చాలామంది "వెనక్కి వెళ్లొచ్చులే" అన్న ధీమాతో రెండు మూడు అప్‌డేట్లు చేసి, తర్వాత వెనక్కి చూస్తే అక్కడ కూడా చెడిపోయిన సిస్టమే ఉంటుంది.

గిగాబైటు పైనే దిగింది. రీబూట్ అయితే కొత్త డెస్క్‌టాప్ బాగానే వచ్చింది. రెండు రోజులు బాగానే వాడాను. మధ్యలో మా చెల్లి నా పాస్‌వర్డ్ కనిపెట్టేసిందని పాస్‌వర్డ్ మార్చాను. స్లైడ్లు పూర్తి చేశాను. శనివారం సాయంత్రం రిహార్సల్ కోసం ల్యాప్‌టాప్‌ను ఇంట్లో టీవీకి తగిలించాను.

టీవీ మీద ఏమీ రాలేదు. కేబుల్ మార్చాను, రాలేదు. సెట్టింగ్స్‌లో రెండో స్క్రీన్ అసలు కనబడటమే లేదు. "అన్నా, సోమవారం నువ్వు నోటితోనే చెప్తావా?" అని చెల్లి నవ్వింది.

మామూలు లైనక్స్‌లో ఇక్కడ నా పని ఏమిటి? తప్పు కెర్నల్‌లోనా, గ్రాఫిక్స్ లైబ్రరీలోనా, గ్నోమ్‌లోనా వెతకాలి. తెలిశాక ఆ ప్యాకేజీ పాత వెర్షన్ తెచ్చుకోవాలి. దాన్ని దించితే దాని మీద ఆధారపడినవీ దించాలి. మొత్తం రిలీజ్ మారిన చోట ఇది దాదాపు జరిగే పని కాదు, ఫార్మాట్ చేసి మళ్లీ మొదలుపెట్టడమే. పైగా వీటన్నిటికీ నెట్ కావాలి.

ఇక్కడ నేను తప్పు ఎక్కడుందో వెతకలేదు. పాతదంతా డిస్కులోనే ఉంది కాబట్టి నెట్ కూడా అక్కర్లేదు. రీస్టార్ట్ చేసి, బూట్ మెనూలో `(ostree:1)` అని చివర ఉన్న రెండో వరుస ఎంచుకున్నాను. మెనూ మీకు కనిపించకపోతే, ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కి చూడండి. 42 వచ్చింది. టీవీ మీద నా మొదటి స్లైడ్ కూడా వచ్చింది.

ఒక జాగ్రత్త. మెనూలో ఎంచుకోవడం ఆ ఒక్కసారికే. తర్వాతి బూట్‌లో మళ్లీ మొదటి వరుసే, అంటే రాహైడే వస్తుంది. సోమవారం సెమినార్ హాల్లో ఆ షాక్ తినకుండా ఉండాలంటే వరుస మార్చాలి:

```
rpm-ostree rollback
```

ఈ ఆజ్ఞ ఏ ఫైలునూ వెనక్కి కాపీ చేయదు, దేన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయదు. బూట్ మెనూలో ఏది పైన, ఏది కింద అన్నది మాత్రమే మారుస్తుంది. అందుకే క్షణాల్లో అయిపోతుంది.

వెనక్కి వచ్చాక ఎదురైన రెండు వింతలు

మొదటి వింత లాగిన్ దగ్గరే. కొత్త పాస్‌వర్డ్ కొట్టాను, తప్పంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పంది. చెమట పట్టింది. చివరికి ఏదో గుర్తొచ్చి పాతది కొడితే తలుపు తెరుచుకుంది.

కారణం ఇది. పాస్‌వర్డ్ హ్యాష్ ఉండేది `/etc/shadow` లో. `/etc` ఒక్కో డిప్లాయ్‌మెంట్‌కు ఒక్కొక్కటి. ముందుకు వెళ్లేటప్పుడు మూడింటిని పోల్చి కలుపుతుంది: పాత ఇమేజ్‌తో వచ్చిన అసలు ఫైలు, కొత్త ఇమేజ్‌తో వచ్చిన అసలు ఫైలు, మన దగ్గరున్న ఫైలు. మనం మార్చిన ఫైలైతే మనదే ఉంచుతుంది, మనం ముట్టని ఫైలైతే కొత్తది తీసుకుంటుంది. ఈ కలపడం షట్‌డౌన్ సమయంలో, ముందుకు వెళ్లేటప్పుడు మాత్రమే జరుగుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఏ కలపడమూ లేదు, 42ను వదిలి వెళ్లిన నాటి `/etc` ఎలా ఉందో అలాగే దొరుకుతుంది. పాస్‌వర్డ్ మార్చింది రాహైడ్‌లో కాబట్టి ఆ మార్పు రాహైడ్ ఇంట్లోనే ఉండిపోయింది. వెనక్కి వెళ్లే ముందు, అక్కడికి వచ్చాక `/etc` లో ఏం మార్చానా అని ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. అక్కడ సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్లు కూడా సాధారణంగా `/etc` లోనే ఉంటాయి, అవీ వెనక్కి రావు.

మరి రాహైడ్‌లో చేసిన స్లైడ్లు ఎలా మిగిలాయి? `/home` నిజానికి `/var/home` కు ఒక లింక్. `/var` ఒక్కటే, రెండు సిస్టమ్‌లూ పంచుకుంటాయి. రెండిళ్లకూ ఉమ్మడి గాదె లాంటిది. అందుకే స్లైడ్లు ఎక్కడికీ పోలేదు. వెనక్కి వెళ్తే రెండు రోజుల పని పోతుందేమో అన్న భయం అక్కర్లేదు.

కానీ రెండో వింతకు కారణం కూడా ఆ ఉమ్మడి గాదే. ఫైర్‌ఫాక్స్ తెరిస్తే "You've launched an older version of Firefox" అని అడ్డం పడింది. రాహైడ్‌లో ఫైర్‌ఫాక్స్ ఒక వెర్షన్ ముందుంది. అది నా హోమ్‌లో ఉన్న ప్రొఫైల్‌ను తన కొత్త వెర్షన్‌తో ముద్ర వేసుకుంది. ప్రోగ్రామ్ `/usr` తో పాటు వెనక్కి వచ్చింది, ప్రొఫైల్ `/var` లో ముందే ఉండిపోయింది. పాత ప్రోగ్రామ్ కొత్త డేటాను తెరిస్తే పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఫైర్‌ఫాక్స్ మర్యాదగా ఆగిపోయి, కొత్త ప్రొఫైల్ చేసుకోమంది. ప్రస్తుతానికి అదే చేశాను. కొన్నాళ్లకు 42లోకి కూడా ఆ వెర్షన్ వచ్చాక నా పాత ప్రొఫైల్ మళ్లీ తెరుచుకుంది.

ఈ పద్ధతికి అసలైన హద్దు ఇక్కడే ఉంది. ఫైర్‌ఫాక్స్ చెప్పి ఆగింది. ఇంట్లో డేటాబేస్ సర్వర్ నడుపుతున్నారనుకోండి. కొత్త వెర్షన్ `/var/lib` లోని డేటా ఫార్మాట్ మార్చేస్తే, వెనక్కి వచ్చిన పాత సర్వర్ దాన్ని చదవలేదు. ఇమేజ్ వెనక్కి వస్తుంది గానీ డేటా రాదు. దానికి విడిగా బ్యాకప్ ఉండాల్సిందే. అలాగే బయాస్ అప్‌డేట్ ఇమేజ్‌లో భాగం కాదు. దాన్ని చేస్తే ఈ దారిలో వెనక్కి రాలేరు.

ఇంకొకటి. సిల్వర్‌బ్లూ తనంతట తాను వెనక్కి వెళ్లదు. టీవీ రాలేదని దానికెలా తెలుస్తుంది? నిర్ణయం మనదే. మనిషి పక్కన లేని యంత్రాల కోసం ఫెడోరా ఐఓటీలో గ్రీన్‌బూట్ అని ఉంది. బూట్ అయ్యాక కొన్ని పరీక్షలు నడిపి, అవి పదేపదే తప్పితే పాత ఇమేజ్‌కు తనే మారుతుంది. మన ఫోన్లలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఆండ్రాయిడ్ 7 నుంచి వచ్చిన ఏ/బి అప్‌డేట్లలో రెండు స్లాట్లుంటాయి. ఫోన్ వాడుతుండగానే రెండో స్లాట్‌లో కొత్తది రాసి, రీస్టార్ట్‌లో అటు మారుతుంది. అక్కడ బూట్ కాకపోతే పాత స్లాట్‌కు తిరిగి వస్తుంది. తేడా ఏమిటంటే అక్కడ విడివిడి పార్టిషన్లు, ఇక్కడ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో హార్డ్‌లింకులు.

ఇవన్నీ ఉచితంగా రావు. సిల్వర్‌బ్లూలో చిన్న ప్యాకేజీ కావాలన్నా `rpm-ostree install` మొత్తం కొత్త చెట్టు కడుతుంది, మామూలుగా రీబూట్ అడుగుతుంది. పొద్దున లేస్తే పది టూల్స్ వేసి తీసే నాలాంటివాడికి మొదట విసుగొచ్చింది. ఇప్పుడు అప్లికేషన్లు ఫ్లాట్‌ప్యాక్‌లో, కంపైలర్లూ లైబ్రరీలూ `toolbox` కంటెయినర్‌లో పెట్టుకుంటున్నాను. అడుగున ఉన్న ఇమేజ్‌ను వీలైనంత ముట్టుకోను. ముట్టుకోనంత కాలం నా దగ్గరున్నదీ, ఫెడోరా వాళ్లు పరీక్షించినదీ ఒకటే.

సోమవారం సెమినార్ బాగానే జరిగింది. ప్రొజెక్టర్‌కు తగిలించేటప్పుడు మాత్రం చేయి కొంచెం వణికింది. సాయంత్రం హాస్టల్‌కొచ్చి రాహైడ్ ఇల్లు ఖాళీ చేశాను:

```
rpm-ostree cleanup -r
```

42 మీద పెట్టిన పిన్ మాత్రం తీయలేదు. పాస్‌వర్డ్ కూడా మార్చాను, ఈసారి సరైన ఇంట్లో. చెల్లికి ఇంకా తెలీదు.